శ్రుతి సరిచేసినా గొంతు సహజంగా ఉండాలంటే

ఒక సినిమా పాట. నటభైరవి ఛాయల్లో, ఆధార షడ్జం 220 హెర్ట్జ్‌గా సాగుతోంది. చరణం చివర గాయని తారస్థాయి షడ్జాన్ని అందుకుని, దాదాపు సెకనుకు పైగా నిలిపారు. ఆ స్వరం 440 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. కొలిచి చూస్తే సగటున 432.4 హెర్ట్జ్ దగ్గర ఉంది. భావం బాగా పలికింది, ఊపిరి నిలిచింది, మాట స్పష్టంగా ఉంది. శ్రుతి మాత్రం కొంచెం దిగింది. మళ్లీ పాడిస్తే శ్రుతి కుదరవచ్చు గానీ ఆ భావం మళ్లీ వస్తుందన్న నమ్మకం లేదు.

ఇలాంటి చోట సౌండ్ ఇంజనీర్లు శ్రుతిని సవరించే సాఫ్ట్‌వేర్‌ను వాడతారు. సరిగ్గా వాడితే సవరణ జరిగిందన్న సంగతే విన్నవారికి తెలియదు. సరిగ్గా వాడకపోతే మనిషి గొంతు మర గొంతుగా మారుతుంది. రెండింటిలోనూ సాఫ్ట్‌వేర్ ఒకటే కావచ్చు. తేడా ఎక్కడ వస్తుందో తెలుసుకోవడానికి ఈ ఒక్క షడ్జాన్నే మొదటి నుంచి చివరి దాకా అనుసరిద్దాం.

తప్పు ఎంత?

శ్రుతి తేడాను హెర్ట్జ్‌లలో చెబితే అసలు సంగతి తెలియదు. మన చెవి పౌనఃపున్యాల మధ్య తేడాను కాదు, వాటి నిష్పత్తిని గుర్తిస్తుంది. అందుకే సెంట్ అనే కొలమానాన్ని వాడతారు. ఒక స్థాయిని, అంటే షడ్జం నుంచి పై షడ్జం వరకు ఉన్న దూరాన్ని, 1200 సమాన నిష్పత్తులుగా విభజిస్తే అందులో ఒక భాగం ఒక సెంట్. హార్మోనియం మీద పక్కపక్కనే ఉన్న రెండు మెట్ల మధ్య దూరం 100 సెంట్లు.

ఈ లెక్కన 440కి, 432.4కి మధ్య తేడా సుమారు 30 సెంట్లు. హెర్ట్జ్‌లలో అది 7.6. ఒక పురుష గాయకుడు 110 హెర్ట్జ్ దగ్గర అదే 30 సెంట్లు దిగితే తేడా 1.9 హెర్ట్జ్ మాత్రమే. అయినా చెవికి రెండు తప్పులూ దాదాపు ఒకే మోతాదులో వినిపిస్తాయి.

శిక్షణ ఉన్న చెవి, నిశ్శబ్దమైన గదిలో, రెండు స్వరాలను పక్కపక్కనే వింటే 5 సెంట్ల తేడానైనా పసిగట్టగలదు. వాద్యాల మధ్య, మాటలతో కలిసి నడిచే పాటలో 10 సెంట్ల లోపు తేడా సాధారణంగా ఎవరినీ ఇబ్బంది పెట్టదు. 30 సెంట్ల దగ్గర, అదీ నిలిపిన స్వరం మీద, ఏదో దిగినట్టు చాలామందికి తెలుస్తుంది. కాబట్టి ఈ షడ్జాన్ని సవరించాలి. ఇదే పాటలో 8 సెంట్లు దిగిన మరో స్వరం ఉంటే దాన్ని ముట్టుకోనక్కరలేదు. సహజత్వాన్ని కాపాడే మొదటి నిర్ణయం ఇదే.

యంత్రం స్వరాన్ని ఎలా గుర్తిస్తుంది?

శ్రుతి సవరణను స్టూడియోలకు విస్తృతంగా పరిచయం చేసిన సాఫ్ట్‌వేర్ ఆటో-ట్యూన్. 1997లో వచ్చిన దీన్ని తయారు చేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు అన్వేషణ రంగంలో పనిచేశారు. భూమిలోకి ధ్వని తరంగాలను పంపి, లోపలి పొరల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనులను విశ్లేషించడం అక్కడి పని. ఆ విశ్లేషణలో వాడే ఆటోకోరిలేషన్ అనే గణిత పద్ధతి గొంతు శ్రుతిని కనుక్కోవడానికీ పనికొచ్చింది.

పద్ధతి చాలా సరళమైనది. రికార్డింగులో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెల వరుసగా దాస్తారు. గొంతులో ఒక అచ్చు పలికినప్పుడు తరంగం ఒకే ఆకారాన్ని పదేపదే చూపుతుంది. ఆ అంకెల వరుసకు ఒక నకలు తీసి, దాన్ని కొద్దికొద్దిగా పక్కకు జరుపుతూ అసలుతో పోల్చాలి. ఎంత జరిపినప్పుడు రెండూ బాగా కలుస్తాయో అదే ఒక ఆవృత్తి నిడివి. మన షడ్జంలో దాదాపు 102 అంకెలు జరిపినప్పుడు రెండూ కలుస్తాయి. 44,100ని 102తో భాగిస్తే 432.4 వస్తుంది. సరైన శ్రుతిలో ఉంటే ఆ నిడివి 100.2 అంకెలు ఉండేది. ఇంత కలవరపెట్టిన తప్పు, అంకెల్లో రెండు కొలతల దూరం కూడా లేదు! ఇక్కడ ఒక్క అంకె తేడా అంటే 17 సెంట్లు కాబట్టి, మంచి సాఫ్ట్‌వేర్ రెండు అంకెల మధ్య విలువను కూడా లెక్కగట్టి తీసుకుంటుంది.

ఈ పద్ధతికి రెండు బలహీనతలు ఉన్నాయి. 102 దగ్గర కలిసిన తరంగం 204 దగ్గర కూడా కలుస్తుంది. సాఫ్ట్‌వేర్ పొరపాటున దాన్ని ఎంచుకుంటే స్వరం ఒక స్థాయి కింద ఉందని భ్రమపడుతుంది. ఇక స, శ, ష వంటి ఊష్మాలలో తరంగం తిరిగి రాదు. అవి గాలి చేసే శబ్దాలే గనుక వాటికి శ్రుతి ఉండదు. లేని శ్రుతిని వెతికి సవరించబోతే ఆ అక్షరం దగ్గర చిరిగినట్టు, బుడగ పేలినట్టు శబ్దం వస్తుంది. అందుకే నాణ్యమైన పనిలో హల్లులను సవరణ నుంచి తప్పిస్తారు.

స్వరం ఒక సరళరేఖ కాదు

గాయని పాడిన షడ్జాన్ని కాలంతో పాటు గీస్తే తెరమీద కనిపించేది అడ్డంగా గీసిన గీత కాదు. స్వరం 200 సెంట్ల కింద, అంటే నిషాదం దగ్గర మొదలై, 80 మిల్లీసెకన్లలో పైకి జారుతూ వచ్చి చేరింది. ఆ తర్వాత సెకనుకు అయిదున్నర సార్లు, అటూ ఇటూ 60 సెంట్ల మేర ఊగింది. చివర్లో ఊపిరి తగ్గుతుంటే కాస్త దిగింది. మొత్తం నిడివి 1.2 సెకన్లు.

ఇందులో తప్పు ఏది? ఊపు మధ్యరేఖ 440 దగ్గర కాక 30 సెంట్లు కింద ఉండటం మాత్రమే తప్పు. జారు తప్పు కాదు. ఊపు తప్పు కాదు. అవి ఈ గాయని పాడే తీరు. వాటిని బట్టే ఆమె గొంతును గుర్తుపడతాం. పరిమాణంలో చూస్తే మాత్రం తప్పు కంటే అవే పెద్దవి. 30 సెంట్ల తప్పును తీసేయబోయి 60 సెంట్ల ఊపును, 200 సెంట్ల జారును కూడా తుడిచేయడం చాలా సులభం. సవరణలో వచ్చే చిక్కులన్నిటికీ మూలం ఇదే.

మొదటి ఉచ్చు స్వరాల ఎంపికలో ఉంది. పన్నెండు స్వరస్థానాలనూ అనుమతిస్తే సాఫ్ట్‌వేర్ ప్రతి క్షణం దగ్గరలో ఉన్న స్వరం వైపు లాగుతుంది. మన షడ్జం మధ్యరేఖ 30 సెంట్లు కింద ఉంది. ఊపు 60 సెంట్లు. కాబట్టి ప్రతి ఊపులోనూ స్వరం 90 సెంట్ల కింది దాకా వెళ్లి వస్తోంది. 50 సెంట్లు దాటి దిగిన ప్రతిసారీ షడ్జం కంటే కాకలి నిషాదమే దగ్గరవుతుంది. లెక్క వేస్తే దాదాపు 40 శాతం సమయం సాఫ్ట్‌వేర్ ఆమెను నిషాదం వైపు లాగుతుంది. నిలకడగా పాడిన షడ్జం రెండు స్వరాల మధ్య కొట్టుకుంటుంది. నటభైరవిలో కాకలి నిషాదం లేదు, కైశికి నిషాదమే ఉంది. అది 200 సెంట్ల కింద ఉంటుంది. రాగానికి చెందని స్వరాలను జాబితాలోంచి తీసేస్తే హద్దు 100 సెంట్ల దగ్గరకు జరుగుతుంది. అప్పుడు ఊపు మొత్తం షడ్జం పరిధిలోనే ఉంటుంది. ఒక్క అమరికతో ఈ పాట్లు తప్పుతాయి.

రెండో ఉచ్చు వేగం. సాఫ్ట్‌వేర్ స్వరాన్ని గమ్యానికి ఎంత త్వరగా లాగాలో చెప్పే అమరికను రీట్యూన్ స్పీడ్ అంటారు. దాన్ని మిల్లీసెకన్లలో ఇస్తారు. సున్నాకు పెడితే స్వరం తక్షణం గమ్యానికి అతుక్కుంటుంది. ఊపు మాయమవుతుంది, జారు మెట్లుగా విరుగుతుంది. 1998లో గాయని షెర్ పాడిన ‘బిలీవ్’ పాటతో ప్రపంచానికి తెలిసిన మర గొంతు ఇదే. అక్కడ అది కావాలని చేసిన పని.

వేగాన్ని తగ్గిస్తే ఏమవుతుందో ఒక సరళమైన లెక్కతో చూడవచ్చు. తప్పు క్రమంగా కరిగిపోతుందనీ, మనం ఇచ్చిన వ్యవధిలో మూడింట రెండు వంతుల దాకా తగ్గుతుందనీ అనుకుందాం. 20 మిల్లీసెకన్లు ఇస్తే 30 సెంట్ల తప్పు 60 మిల్లీసెకన్లలో దాదాపు పోతుంది. ఆ వేగం ఊపును కూడా తినేస్తుంది. 60 సెంట్ల ఊపు 34 సెంట్లకు పడిపోతుంది. వింటే గొంతు బిగుసుకున్నట్టు ఉంటుంది. 100 మిల్లీసెకన్లు ఇస్తే ఊపు 58 సెంట్ల దగ్గర దాదాపు చెక్కుచెదరకుండా ఉంటుంది. తప్పు మాత్రం 100 మిల్లీసెకన్ల తర్వాత కూడా 11 సెంట్లు మిగిలి, 300 మిల్లీసెకన్లకు గానీ పోదు. ప్రతి ప్లగిన్ అచ్చంగా ఈ సూత్రాన్నే పాటిస్తుందని కాదు, కానీ బేరం మాత్రం ఇదే.

మన షడ్జం 1.2 సెకన్లు నిలిచింది కాబట్టి నెమ్మది వేగమే దానికి మేలు. అదే వేగంతో 120 మిల్లీసెకన్ల సంగతిలోని చిన్న స్వరాలు పూర్తిగా సర్దుకోవు. అదృష్టవశాత్తూ అంత చిన్న స్వరాల్లో శ్రుతి తేడాను చెవి కూడా అంత కచ్చితంగా పట్టుకోదు. అందుకే కొన్ని సాఫ్ట్‌వేర్లలో నిలిపిన స్వరాలకు నెమ్మదిని, చిన్న స్వరాలకు వేగాన్ని వేర్వేరుగా ఇచ్చే వీలుంటుంది. ఆటో-ట్యూన్‌లో ‘హ్యూమనైజ్’ అనే మీట చేసే పని అదే.

మధ్యరేఖను మాత్రమే జరపడం

ఈ బేరాన్నే తప్పించుకునే దారి మరొకటి ఉంది. జర్మనీకి చెందిన పీటర్ నాయ్‌బెకర్ రూపొందించిన మెలోడైన్ వంటి సాఫ్ట్‌వేర్లు స్వరాన్ని క్షణక్షణం లాగవు. ముందుగా రికార్డింగ్ మొత్తాన్ని విశ్లేషించి ప్రతి స్వరాన్నీ ఒక ముద్దలా తెరమీద చూపుతాయి. ఆ ముద్ద ఎత్తు స్వరం మధ్యరేఖను చూపుతుంది. దాని మీద సన్నని గీతగా జారు, ఊపు, దిగుడు కనిపిస్తాయి. ముద్దను పైకి జరిపితే గీత మొత్తం ఆకారం చెడకుండా పైకి జరుగుతుంది. 60 సెంట్ల ఊపు 60గానే ఉంటుంది.

మన షడ్జానికి ఇది సరిగ్గా సరిపోతుంది. కానీ మధ్యరేఖను ఎలా లెక్కించామన్నది చూసుకోవాలి. మొదటి 80 మిల్లీసెకన్ల జారును కూడా సగటులో కలిపితే మధ్యరేఖ మరో 7 సెంట్ల దాకా కింద ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ సగటును 440కి చేర్చితే నిలిచిన భాగం 7 సెంట్లు పైకి పోతుంది.  కాబట్టి జారును విడిగా కోసి పక్కన పెట్టి, నిలిచిన భాగాన్నే కొలవాలి. జరిపేటప్పుడు మాత్రం రెండింటినీ కలిపే జరపాలి, లేకపోతే అతుకు దగ్గర స్వరం గెంతుతుంది.

ఎంత జరపాలి? పూర్తి 30 సెంట్లు అక్కరలేదు. 24 జరిపితే 6 సెంట్లు మిగులుతాయి. ఆ 6 సెంట్లు ఎవరికీ వినిపించవు. పాటలోని ప్రతి స్వరాన్నీ సరిగ్గా సున్నా మీద నిలబెడితే మాత్రం విడివిడిగా ఏ తప్పూ లేకపోయినా మొత్తంగా పాట కీబోర్డు మీద వాయించినట్టు ఉంటుంది. చివరి దిగుడును సగం తగ్గిస్తే చాలు. ఊపిరి తగ్గుతున్నప్పుడు శ్రుతి కొంచెం వాలడం వినేవారికి అలవాటే.

గొంతు రంగు

శ్రుతిని పెంచినా గొంతు ఎందుకు మారదు? పాతకాలపు టేపును వేగంగా తిప్పితే శ్రుతితో పాటు గొంతు కూడా చిన్నపిల్లల గొంతులా మారేది. స్వరతంత్రుల కంపనం శ్రుతిని ఇస్తుంది. గొంతు, నోరు, ముక్కులోని ఖాళీలు కొన్ని పౌనఃపున్యాలను అనునాదంతో బలపరిచి అచ్చుకూ మనిషికీ గుర్తింపునిస్తాయి. ఈ బలపడిన పట్టీలను ఫార్మెంట్లు అంటారు. టేపు వేగం పెరిగితే రెండూ కలిసి పైకి పోతాయి.

దీనికి విరుగుడుగా ఒక్కో ఆవృత్తినీ దాని ఆకారం చెడకుండా కత్తిరించి, మళ్లీ కొంచెం దగ్గరగా పేర్చే పద్ధతి ఉంది. మన షడ్జంలో ఆవృత్తులను 102 అంకెల ఎడంతో కాక 100.2 అంకెల ఎడంతో పేర్చితే శ్రుతి పూర్తిగా 440కి చేరుతుంది. అప్పుడు ఒక సెకను నింపడానికి మరో ఏడెనిమిది ఆవృత్తులు కావాలి కాబట్టి ఉన్నవాటిలోనే కొన్నింటిని రెండోసారి వాడతారు. ఆకారం మారలేదు కాబట్టి ఫార్మెంట్లూ మారవు. నిజానికి 30 సెంట్లకు ఫార్మెంట్లు జరిగినా అది రెండు శాతంలోపే, వినడం కష్టం. 100, 200 సెంట్లు జరిపినప్పుడే ఈ జాగ్రత్త విలువ తెలుస్తుంది. అప్పుడు కూడా పూర్తి మేలు జరగదు. మనిషి ఎత్తు స్వరం పాడేటప్పుడు గొంతులో పెరిగే బిగువు కింది స్వరంలో ఉండదు. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ చేర్చలేదు. అంత తేడా వచ్చినప్పుడు మళ్లీ పాడించడమే దారి.

గమకం ఎదురైనప్పుడు

ఇప్పటి దాకా చెప్పిన లెక్కలన్నిటికీ ఒక ఊహ ఆధారం. స్వరానికి ఒక మధ్యరేఖ ఉంటుందనీ, అది ఫలానా చోట ఉండాలనీ మనకు ముందే తెలుసని అనుకున్నాం. కర్ణాటక సంగీతంలో ఈ ఊహ చాలాచోట్ల నిలవదు.

తోడి రాగంలోని గాంధారాన్ని తీసుకోండి. పుస్తకంలో అది సాధారణ గాంధారం, షడ్జానికి 300 సెంట్ల పైన. పాడేటప్పుడు మాత్రం గాయకులు 100 దగ్గరున్న రిషభానికీ 500 దగ్గరున్న మధ్యమానికీ మధ్య విస్తారంగా ఊపుతారు. స్వరం 300 దగ్గర నిలిచేది క్షణమాత్రమే. వేగంగా లాగే సాఫ్ట్‌వేర్ ఈ ఊపును రి, గ, మ అనే మూడు మెట్లుగా విరిచేస్తుంది. మధ్యరేఖను జరిపే సాఫ్ట్‌వేరూ ఇక్కడ తడబడుతుంది. ఊపు సగటు కచ్చితంగా 300 దగ్గరే ఉండాలన్న నియమం లేదు. దాన్ని 300కి జరిపితే ఊపు రెండు కొసలూ జరిగి రాగం రుచి మారుతుంది. ఇలాంటి స్వరాలను వదిలేసి, వాక్యం చివర నిలిచే న్యాస స్వరాన్ని మాత్రమే సరిచూడటం క్షేమం.

ఊపులేని స్వరంలోనూ గమ్యం ఎక్కడన్నది ప్రశ్నే. కీబోర్డులో అంతర గాంధారం 400 సెంట్ల దగ్గర ఉంటుంది. తంబురాతో పాడే గాయకులు దాన్ని షడ్జానికి 5/4 నిష్పత్తిలో, అంటే 386 సెంట్ల దగ్గర నిలుపుతారు. సాఫ్ట్‌వేర్ తెరమీద అది 14 సెంట్లు దిగిన స్వరంలా కనిపిస్తుంది. దాన్ని “సరిచేస్తే” ఏమవుతుందో చూద్దాం. షడ్జం 200 హెర్ట్జ్ అనుకుంటే, తంబురా షడ్జంలోని అయిదో అనుస్వరం 1000 హెర్ట్జ్. గాయకుడి 250 హెర్ట్జ్ గాంధారంలోని నాలుగో అనుస్వరమూ 1000 హెర్ట్జే. రెండూ ఒకటిగా కలిసిపోతాయి. గాంధారాన్ని కీబోర్డు కొలతకు, అంటే దాదాపు 252 హెర్ట్జ్‌కు లాగితే ఆ అనుస్వరం 1008కి చేరుతుంది. తేడా సెకనుకు ఎనిమిది విస్పందనాలుగా, గరగరమనే అలజడిగా వినిపిస్తుంది. తప్పులేని స్వరాన్ని మనమే తప్పుగా మార్చామన్నమాట. అదే గాయకుడు కీబోర్డు, గిటారు తోడుగా సినిమా పాట పాడుతుంటే 400కి దగ్గరగా ఉండటమే నయం. కాబట్టి గమ్యాన్ని నిర్ణయించేది తెరమీది గీత కాదు, ఆ పాటలో తోడుగా మోగుతున్న వాద్యం.

చెవితో పరీక్ష

సవరించిన ట్రాక్‌ను ఒంటరిగా వింటే పనిచేసిన వారికి ప్రతి లోపమూ కనిపిస్తుంది, దాంతో అవసరానికి మించి సవరించేస్తారు. వాద్యాలతో కలిపి వినాలి. సవరణను ఆపి ఒకసారి, పెట్టి ఒకసారి పోల్చాలి. పోల్చేటప్పుడు స్వరం మధ్యభాగాన్ని కాదు, అంచులను గమనించాలి. స్వరంలోకి వచ్చే జారు మెట్టులా వినిపిస్తోందా? ఊపు మొదలైన చోట గొంతు బిగిసిందా? హల్లు చిరిగిందా? ఊపిరి అంటిన చివరి అక్షరం గరగరలాడుతోందా? వీటిలో ఒక్కదానికి అవును అన్నా, ఆ చోట సవరణను తగ్గించాలి లేదా తీసేయాలి.

వరుస కూడా ముఖ్యమే. గొంతుకు ప్రతిధ్వని చేర్చిన తర్వాత శ్రుతి సవరిస్తే, గాలిలో మిగిలిన పాత స్వరం, కొత్తగా మొదలైన స్వరం కలిసి సాఫ్ట్‌వేర్‌ను తికమక పెడతాయి. మైకులోకి తబలా, కీబోర్డు శబ్దాలు కూడా దూరిన కచేరీ రికార్డింగులో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. కాబట్టి శుభ్రమైన గొంతు ట్రాక్ మీదే, మిగతా మార్పులన్నిటికంటే ముందు ఈ పని చేయాలి.

ఈ గీతలను చూడటానికి స్టూడియో అక్కరలేదు. ఆమ్‌స్టర్‌డాం విశ్వవిద్యాలయంలో పాల్ బోయర్స్మా, డేవిడ్ వీనింక్ ధ్వనిశాస్త్ర పరిశోధన కోసం తయారు చేసిన ప్రాట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ఇది కూడా ఆటోకోరిలేషన్‌తోనే శ్రుతిని గీస్తుంది. ఫోనులో రికార్డు చేసిన ఒక నిలిపిన స్వరాన్ని అందులో తెరిచి చూడండి. మీరు ఒకే స్వరం అనుకున్నది ఎక్కడ మొదలై, ఎలా జారి, ఎంత ఊగిందో కనిపిస్తుంది. ఆ గీతలో ఎంత భాగం తప్పో, ఎంత భాగం మీ గొంతో విడదీసి చూడగలిగితే, సవరణలో ఏది జరపాలో ఏది వదిలేయాలో తెలిసినట్టే.